మొదటి, ఒకటో, ప్రథమ: ఇంగ్లీషులో ఎక్కడ ఫస్ట్, ఎక్కడ వన్? సమగ్ర మార్గదర్శి

"ఒకటో తేదీ" ఫస్ట్ అయినప్పుడు "ఒకటో నంబరు ప్లాట్‌ఫాం" ఎందుకు ఫస్ట్ కాదు? "ఇరవై ఒకటో"కి ఇంగ్లీషులో ట్వంటీ ఫస్ట్ ఉంది కదా, మరి తెలుగులో "ఇరవై మొదటి" అనవచ్చా? హైదరాబాద్‌లో పాఠశాల నోటీసులు, అపార్ట్‌మెంట్ సంఘాల ప్రకటనలు, ఆహ్వాన పత్రాలు రెండు భాషల్లోనూ రాయాల్సిన వాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. పిల్లలకు ఇంటి దగ్గర ఇంగ్లీషు చెప్పే తల్లిదండ్రులూ ఇవే అడుగుతుంటారు.

ఒకటి నుంచి పది వరకు జాబితా బట్టీ పట్టడం కష్టమేమీ కాదు. తప్పులు వచ్చేది అక్కడ కాదు. తెలుగులో ఒకే రూపంలో ఉన్న మాట ఇంగ్లీషులో రెండు రూపాలుగా విడిపోయే చోట అసలు చిక్కు వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సిన రూపాలు

అంకె చివర "అవ" గాని "ఓ" గాని చేరితే తెలుగులో వరుసను చెప్పే మాట వస్తుంది. రెండు – రెండవ, రెండో. మూడు – మూడవ, మూడో. ఐదు – ఐదవ, ఐదో. పది – పదవ, పదో. చాలా అంకెలు ఈ దారిలోనే నడుస్తాయి. కాస్త చూసుకుని రాయాల్సినవి కొన్నే ఉన్నాయి:

- ఒకటి: మొదటి, ఒకటో, ఒకటవ. ఇవి ఒకదాని బదులు ఒకటి ఎక్కడ పడితే అక్కడ వాడేవి కావు. 3వ అంచెలో వివరంగా చూద్దాం.
- నాలుగు: నాలుగవ, నాల్గవ, నాలుగో. మూడూ సరైనవే. ఒక పత్రంలో ఒకటే వాడండి.
- ఇరవై, ముప్పై, నలభై, యాభై: ఇరవయ్యవ, ముప్పయ్యో, నలభయ్యో, యాభయ్యవ. "ఇరవైవ" అని రాయకండి.
- వంద, వెయ్యి: వందవ లేదా నూరవ, వెయ్యవ లేదా వెయ్యో.

అంకెతో రాసేటప్పుడు 5వ, 22వ అని పక్కనే "వ" చేర్చితే చాలు. చదివేటప్పుడు ఐదవ అన్నా ఐదో అన్నా తప్పు లేదు.

పెద్ద సంఖ్యల్లో చివరి మాటకే ఈ ప్రత్యయం చేరుతుంది. నూట ఇరవై రెండు – నూట ఇరవై రెండవ. ఇంగ్లీషులోనూ అంతే, చివరి మాటే మారుతుంది. ఈ ఒక్క విషయంలో రెండు భాషలూ కలిసే నడుస్తాయి.

## 2. అసలు ప్రశ్న: ఇది వరుసా, గుర్తా?

అనువాదం మొదలుపెట్టే ముందు ఆగి వేసుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

"ఏడవ నిజాం" అన్నప్పుడు నిజాముల వరుసలో ఆయనకు ముందు ఆరుగురు ఉన్నారని అర్థం. ఇది వరుస. "పదో నంబరు ప్లాట్‌ఫాం" అన్నప్పుడు తొమ్మిది దాటాక వచ్చేదని లెక్కపెట్టి చెప్పడం లేదు. ఆ ప్లాట్‌ఫాంకు పెట్టిన నంబరు పది, అంతే. ఇది గుర్తు. తెలుగులో రెండింటికీ ఒకే రూపం సరిపోతుంది. ఇంగ్లీషు మాత్రం వీటిని వేరుచేస్తుంది:

- వరుస అయితే: ముందు "ద", తర్వాత వరుస మాట, ఆ తర్వాత నామవాచకం. ఏడవ నిజాం – ద సెవెన్త్ నిజాం.
- గుర్తు అయితే: ముందు నామవాచకం, తర్వాత మామూలు అంకె. "ద" ఉండదు. పదో నంబరు ప్లాట్‌ఫాం – ప్లాట్‌ఫాం టెన్.

ఏది ఏదో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. వరుస మాటకూ నామవాచకానికీ మధ్య "నంబరు" అనే మాట పెట్టి పలికి చూడండి. మాట సహజంగా కుదిరితే అది గుర్తు. చెవికి ఎబ్బెట్టుగా ఉంటే అది వరుస.

"మూడో నంబరు గది" కుదిరింది కాబట్టి రూమ్ త్రీ. "రెండో నంబరు బహుమతి" కుదరలేదు కాబట్టి సెకండ్ ప్రైజ్. "ఏడో నంబరు నిజాం" అని ఎవరూ అనరు. "ఇరవయ్యో నంబరు శతాబ్దం" అనీ అనరు. "రెండో నంబరు అబ్బాయి" అంటే బడిలో హాజరు పట్టీ గుర్తుకొస్తుందే తప్ప ఇంట్లో రెండో కొడుకు కాదు.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ చిరునామాలు ఈ పరీక్షకు మంచి ఉదాహరణ. "బంజారాహిల్స్ పన్నెండో నంబరు రోడ్డు" అని మనం మాట్లాడుకుంటాం. ఇంగ్లీషులో రాయాల్సింది రోడ్ నంబర్ ట్వెల్వ్. దాన్ని ట్వెల్ఫ్త్ రోడ్ అని రాస్తే ఆ వీధి అసలు పేరే మారిపోతుంది, చిరునామాగా పనికిరాదు.

గుర్తుగా వాడే అంకె పెద్దదైతే తెలుగులోనూ వరుస ప్రత్యయం జారిపోతుంది. "219 నంబరు బస్సు" అంటాం. "219వ బస్సు" అంటే డిపో నుంచి బయటికి వచ్చిన బస్సులను ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నట్టు ఉంటుంది.

ఈ పరీక్షకు లొంగనివి రెండున్నాయి. వాటిని విడిగా గుర్తుంచుకోవాలి.

తరగతి: "ఐదో తరగతి"కి క్లాస్ ఫైవ్ సరైనదే, ఫిఫ్త్ క్లాస్ కూడా మన దగ్గర బాగా స్థిరపడింది. ఏదైనా ఒకటి ఎంచుకుని పత్రం చివరి వరకు అదే వాడండి.

తేదీ: పలికేటప్పుడు వరుస మాట, రాసేటప్పుడు మామూలు అంకె చాలు. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ రెండవ తేదీన. ఇంగ్లీషులో పలికితే సెకండ్ అంటారు, కాగితం మీద నెల పేరు పక్కన 2 అని రాసినా సరిపోతుంది.

## 3. మొదటి ఎక్కడ, ఒకటో ఎక్కడ?

ఇంగ్లీషులో ఫస్ట్ అని ఉంటే చాలామంది కళ్లు మూసుకుని "మొదటి" అని రాసేస్తారు. తెలుగులో కృత్రిమంగా వినిపించే అనువాదాలకు ఇది పెద్ద కారణం.

తనకు ముందు ఇంకేదీ లేదని చెప్పేది "మొదటి". మొదటి బహుమతి, మొదటి సంతానం, మొదటి రోజు, మొదటిసారి. అంకెల పట్టికలో ఒకటి అనే స్థానాన్ని చూపేది "ఒకటో". ఒకటో తేదీ, ఒకటో తరగతి, ఒకటో నంబరు ప్లాట్‌ఫాం.

ఈ రెండూ ఒకే నామవాచకం ముందు వచ్చినప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది.

"ఒకటో తరగతి" అంటే బడిలో చేరిన పిల్లల తరగతి. "మొదటి తరగతి" అంటే రైలు పెట్టె కావచ్చు, పరీక్షలో వచ్చిన శ్రేణి కావచ్చు. "మా బాబు మొదటి తరగతి" అని రాస్తే చదివేవాళ్లు క్షణం ఆగి ఆలోచించాలి.

"ఒకటో తేదీ" నెల మొదలయ్యే రోజు, చాలా ఇళ్లలో జీతం కోసం ఎదురుచూసే రోజు. "మొదటి తేదీ" అంటే అనుకున్న రెండు మూడు తేదీల్లో ముందు వచ్చేది. పెళ్లికి పురోహితుడు మూడు ముహూర్తాలు ఇస్తే "మొదటి తేదీ కుదరలేదు, రెండోది ఖాయం చేశాం" అంటాం. అక్కడ మొదటి తేదీ పద్నాలుగు కూడా కావచ్చు.

ఎక్కాలు నేర్పేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. "రెండో ఎక్కం" అన్నది గుర్తు. ఇంగ్లీషులో అది టేబుల్ ఆఫ్ టూ. సెకండ్ టేబుల్ అంటే హోటల్లో రెండో బల్ల అవుతుంది.

ఇక ఇరవై ఒకటి సంగతి. తెలుగులో "మొదటి" ఒంటరిగానే నిలుస్తుంది, పెద్ద సంఖ్య చివర చేరదు. ఇరవై ఒకటో, నూట ఒకటో, వెయ్యిన్నొకటో. ఇంగ్లీషులో మాత్రం ఫస్ట్ మళ్లీ వచ్చి చేరుతుంది: ట్వంటీ ఫస్ట్. కాబట్టి ట్వంటీ ఫస్ట్ సెంచరీ ఎప్పుడూ "ఇరవై ఒకటో శతాబ్దం" అవుతుంది. "ఇరవై మొదటి శతాబ్దం" తెలుగు కాదు.

## 4. ఇంగ్లీషు అంకెల పక్కన తోకలు

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: అంకెను కాదు, పలికే మాటను చూడండి. చివర ఫస్ట్ వినిపిస్తే ఒక తోక, సెకండ్ వినిపిస్తే ఇంకొకటి, థర్డ్ వినిపిస్తే మరొకటి, మిగతావన్నీ ఒకే గుంపు.

```
1st   2nd   3rd   4th
11th  12th  13th  14th
21st  22nd  23rd  24th
111th 112th 113th
121st 122nd 123rd
```

పదకొండు, పన్నెండు, పదమూడు చివర 1, 2, 3 కనిపిస్తాయి, కానీ పలికితే ఎలెవెన్త్, ట్వెల్ఫ్త్, థర్టీన్త్. అందుకే 11st అన్నది తప్పు. నూట పదకొండుకూ ఇదే వర్తిస్తుంది. దీనికి తలకిందులైన తప్పు 22th. శుభలేఖలు, బ్యానర్లు అచ్చు వేసేటప్పుడు కంప్యూటర్ మీద పాత తేదీని చెరిపి కొత్త అంకె కొట్టి, తోకను అలాగే వదిలేయడం వల్ల ఇది వస్తుంది. అంకె మార్చిన ప్రతిసారీ తోకను కూడా చెరిపి మళ్లీ కొట్టండి.

అక్షరాల్లో రాస్తే ఫిఫ్త్‌లో వి, ఇ పోయి ఎఫ్ వస్తుంది. ట్వెల్ఫ్త్‌లోనూ అంతే. నైన్త్‌లో నైన్ చివరి ఇ పోతుంది. ఎయిత్‌లో టి ఒక్కటే ఉండాలి, రెండు కాదు.

## 5. అవ రాయాలా, ఓ రాయాలా?

రెండూ ప్రామాణికమే. అవ కాస్త గంభీరంగా ఉంటుంది, ఓ మాటకు దగ్గరగా ఉంటుంది. పత్రికల్లో రెండూ కనిపిస్తాయి. ఏది వాడాలన్నది మీ ఇష్టానికే వదిలేయవచ్చు గాని, రెండు చోట్ల మాత్రం ఎంచుకోక తప్పదు.

తెలుగులో "ఓ" సందేహాన్ని కూడా చెబుతుంది. "రెండో మూడో పుస్తకాలు తీసుకున్నాడు" అంటే రెండు గాని మూడు గాని అని అర్థం. "రెండో, మూడో పుస్తకాలు తీసుకున్నాడు" అంటే వరుసలో ఆ రెండు పుస్తకాలూ అని. తేడా అంతా ఒక్క కామాలో ఉంది. మాటలో గొంతు ఆ తేడా చూపుతుంది, కాగితం మీద కామా జారిపోతే ఆ తేడా తెలియదు. అనువాదంలో ఒకటి టూ ఆర్ త్రీ అవుతుంది, ఇంకొకటి ద సెకండ్ అండ్ థర్డ్ అవుతుంది. ఇలా వరుస మాటలు పక్కపక్కన వచ్చినప్పుడు "రెండవ, మూడవ" అని రాయండి. అనుమానానికి తావుండదు.

దీనికి ఎదురుగా "ఏడవ" ఉంది. ఏడుపు నుంచి వచ్చిన "ఏడవడం", "ఏడవకు" అనే మాటలకు ఇది బాగా దగ్గర. చిన్న పిల్లల పుస్తకాల్లో, శీర్షికల్లో "ఏడో" అని రాయడమే నాకు నచ్చుతుంది.

## 6. ప్రథమ, ద్వితీయ, తృతీయ

బహుమతులు, చదువు సంవత్సరాలు, శ్రేణులు చెప్పేటప్పుడు సంస్కృతపు మాటలు వస్తాయి: ఇంటర్ ప్రథమ సంవత్సరం, ద్వితీయ బహుమతి, తృతీయ స్థానం. వీటిని ఫస్ట్, సెకండ్, థర్డ్‌లతో జతచేయడంలో ఇబ్బంది లేదు. ఒకే జాబితాలో "ప్రథమ, రెండవ, తృతీయ" అని కలపకపోతే చాలు.

ఒక్క చోట మాత్రం పెద్ద ప్రమాదం ఉంది. వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే ఫస్ట్ పర్సన్ కాదు, థర్డ్ పర్సన్. మన వ్యాకరణం, ఇంగ్లీషు వ్యాకరణం పురుషలను ఎదురెదురు వైపుల నుంచి లెక్కపెడతాయి:

- అతడు, ఆమె, వారు: తెలుగులో ప్రథమ పురుష, ఇంగ్లీషులో థర్డ్ పర్సన్.
- నీవు, మీరు: తెలుగులో మధ్యమ పురుష, ఇంగ్లీషులో సెకండ్ పర్సన్.
- నేను, మేము, మనం: తెలుగులో ఉత్తమ పురుష, ఇంగ్లీషులో ఫస్ట్ పర్సన్.

పొద్దున తెలుగు పాఠం, మధ్యాహ్నం ఇంగ్లీషు పాఠం చదివే పిల్లలు ఇక్కడ తడబడటం సహజం. అంకె చెప్పి గుర్తుపెట్టించకండి. "నేను" అనే మాట చెప్పించి, దాని పేరు రెండు భాషల్లోనూ పక్కపక్కన రాయించండి.

## 7. థర్డ్ అంటే మూడవదా, మూడో వంతా?

ఇంగ్లీషులో థర్డ్ వరుసకూ పనిచేస్తుంది, భాగానికీ పనిచేస్తుంది. తెలుగులో భాగం అని చెప్పాలంటే "వంతు" కావాలి. ఎ థర్డ్ – మూడో వంతు. టూ థర్డ్స్ – మూడింట రెండు వంతులు. ఎ టెన్త్ – పదో వంతు. సగానికి మాత్రం సెకండ్ అనరు, హాఫ్ అనాలి. పావుకు క్వార్టర్ ఎక్కువ వాడుకలో ఉంది.

"భాగం" అనే మాటతో జాగ్రత్త. "నవల మూడో భాగం" అంటే పార్ట్ త్రీ. "నవలలో మూడో వంతు" అంటే వంద పేజీల్లో సుమారు ముప్పై మూడు.

"మూడు వంతులు" అని ఊరికే రాసినా చిక్కే. చాలామందికి అది నాలుగింట మూడు వంతులుగానే అర్థమవుతుంది. టూ థర్డ్స్ చెప్పాల్సిన చోట "మూడింట" తప్పకుండా ఉండాలి.

## 8. ఒక నోటీసును చివరి వరకు మార్చి చూద్దాం

బడిలో గోడకు అంటించే ఈ మూడు వాక్యాలు తీసుకుందాం:

"మా పాఠశాల 22వ వార్షికోత్సవం ఫిబ్రవరి ఒకటో తేదీన జరుగుతుంది. ఐదో తరగతి పిల్లలు రెండో అంతస్తులోని మూడో నంబరు గదికి రావాలి. మొదటి రెండు వరుసల కుర్చీలు పెద్దలకు కేటాయించాం."

22వ వార్షికోత్సవం. "నంబరు" పెడితే కుదరదు, కాబట్టి వరుస. ట్వంటీ సెకండ్. అంకెతో రాస్తే 22nd. దీని ముందు "మా పాఠశాల" ఉంది కాబట్టి ఇంగ్లీషులో అవర్ స్కూల్స్ అన్న మాటే సరిపోతుంది, మళ్లీ "ద" పెట్టకూడదు.

ఫిబ్రవరి ఒకటో తేదీ. పలికితే ఫస్ట్, రాస్తే నెల పక్కన 1. తెలుగు మూలంలో "మొదటి తేదీ" అని ఉంటే దాన్ని ముందు సరిచేయండి.

ఐదో తరగతి. క్లాస్ ఫైవ్ ఎంచుకుందాం. ఇక నోటీసు కింద పట్టిక ఉంటే అందులోనూ, బహుమతి పత్రాల మీదా క్లాస్ ఫైవ్ అనే రావాలి.

రెండో అంతస్తు. "రెండో నంబరు అంతస్తు" అనం, కాబట్టి ద సెకండ్ ఫ్లోర్. ఇక్కడ కాస్త ఆగాలి. మనం కింది అంతస్తును గ్రౌండ్ ఫ్లోర్‌గా విడిచిపెట్టి దాని పై అంతస్తు నుంచి లెక్కపెడతాం. అమెరికాలో నేలమీదున్నదే ఫస్ట్ ఫ్లోర్. అక్కడి నుంచి వచ్చిన బంధువుకు సెకండ్ ఫ్లోర్ అని చెబితే ఒక అంతస్తు కిందే ఆగిపోవచ్చు. అలాంటి వాళ్లకు "రెండు అంతస్తులు మెట్లెక్కి రండి" అని చెప్పడం మేలు. అదే "రెండంతస్తుల మేడ" అంటే మాత్రం కిందిదీ లెక్కలోకి వస్తుంది. ఆ మేడలో పైనున్నది మొదటి అంతస్తే.

మూడో నంబరు గది. "నంబరు" మాటలోనే ఉంది. గుర్తు. రూమ్ త్రీ. ద థర్డ్ రూమ్ అని రాస్తే తల్లిదండ్రులు మెట్ల దగ్గర నుంచి తలుపులు లెక్కపెడతారు. గదుల నంబర్లు అటు చివరి నుంచి మొదలైతే వేరే గదిలోకి వెళతారు.

మొదటి రెండు వరుసలు. ద ఫస్ట్ టూ రోస్. రెండు భాషల్లోనూ వరుస మాట ముందు, లెక్క మాట తర్వాత. దీన్ని "మొదటి, రెండో వరుసలు" అనీ రాయవచ్చు. కానీ "రెండో వరుస" అని మాత్రం కుదించకండి. అప్పుడు ముందు వరుసలో ఎవరైనా కూర్చోవచ్చన్న అర్థం వస్తుంది.

అచ్చుకు పంపే ముందు ఈ నాలుగూ చూసుకోండి:

- [ ] ప్రతి వరుస మాటకూ "నంబరు" పరీక్ష చేశారా?
- [ ] తరగతి, తేదీ రూపాలు పత్రమంతా ఒకేలా ఉన్నాయా?
- [ ] ఇంగ్లీషు అంకెల పక్కన తోకలను పైకి చదివి సరిచూశారా?
- [ ] తెలుగు పాఠంలో అవ, ఓ కలగాపులగం కాలేదు కదా?

## 9. "ఎన్నో" అని అడగడం ఎలా?

తెలుగులో వరుసను అడగడానికి ఒక చక్కని మాట ఉంది: ఎన్నవ, ఎన్నో. "మీ బాబు ఎన్నో తరగతి?", "ఇవాళ ఎన్నో తేదీ?", "మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఎన్నవ నిజాం?" ఇంగ్లీషులో దీనికి సరిసమానమైన ఒక్క మాట వాడుకలో లేదు. అందువల్ల మాటకు మాట వెతకకుండా, జవాబు ఎలా వస్తుందో చూసుకుని ప్రశ్న కట్టాలి.

జవాబు గుర్తు అయితే విచ్ సరిపోతుంది: విచ్ క్లాస్, విచ్ ప్లాట్‌ఫాం. తేదీకి వాట్ కావాలి.

జవాబు వరుస అయితేనే కష్టం. "ఎన్నవ నిజాం?" అన్న ప్రశ్నను విచ్ నిజాం అని అడిగితే పేరు చెబుతారు, అంకె చెప్పరు. రెండు దారులున్నాయి. "నిజాముల వరుసలో ఆయనకు ముందు ఎంతమంది ఉన్నారు?" అని అడిగి, వచ్చిన ఆరుకు ఒకటి కలుపుకోవడం ఒకటి. "నిజాముల వరుసలో ఆయన స్థానం ఏది?" అని అడగడం ఇంకొకటి. క్విజ్ ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు రెండోదే నయం, ఎందుకంటే దానికి సెవెన్త్ అనే జవాబు సూటిగా వస్తుంది.

తెలుగులో రాసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. "ఎన్నో పుస్తకాలు చదివాడు" అంటే చాలా చదివాడని. "ఎన్నో పుస్తకం చదువుతున్నాడు?" అంటే వరుసలో ఏది అని. నామవాచకం బహువచనమా, ఏకవచనమా అన్నదే ఇక్కడ ఆధారం. ప్రశ్నపత్రంలో అయితే "ఎన్నవ పుస్తకం" అని రాయండి.